కూరగాయల మార్కెట్ రెండర్‌లో జనం లెక్క

కట్టబోయే మార్కెట్ హాలును కంప్యూటర్‌లో ముందే బొమ్మగా చూపే రెండర్‌లో జనాన్ని ఎప్పుడూ ఆఖరునే పెడతారు. కప్పు, స్తంభాలు, అరుగులు, టమాటా గుట్టలు అన్నీ కుదిరాక, లైబ్రరీలోంచి ఓ యాభై అరవై మనుషుల బొమ్మలు తెచ్చి ఖాళీ కనిపించిన చోటల్లా నిలబెడతారు. హాలు విశాలంగా, చల్లగా, శుభ్రంగా కనిపిస్తుంది. ఆ బొమ్మ చూసి డ్రాయింగు ఖాయం చేస్తారు. కట్టాక మొదటి ఆదివారం పొద్దున ఏడున్నరకే దారులు మూసుకుపోతాయి. నా వాదన ఇదీ: జనం ఈ బొమ్మకు అలంకారం కాదు, డ్రాయింగుకు పరీక్ష. ఎక్కడ ఎంతమంది నిలబడతారో ముందు లెక్కవేసి, ఆ లెక్క ప్రకారమే మనుషుల్ని పెట్టాలి. అప్పుడు బొమ్మ అందంగా రాకపోతే తప్పు జనానిది కాదు, కొలతలది.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా చూద్దాం. విశాఖపట్నంలో, ఉత్తర దక్షిణాలుగా పోయే రోడ్డు పక్కన, 36 మీటర్ల పొడవు, 24 మీటర్ల వెడల్పు ఉన్న కప్పు మార్కెట్ అనుకుందాం. 1999లో మొదలైన రైతుబజార్ల పద్ధతిలోనే ఉంటుంది: రైతులు అరుగుల మీద కూర్చుని అమ్ముతారు, ముందు ధరల బోర్డు ఉంటుంది. ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో ఆదివారం పొద్దున కూరగాయలు కొన్నవారికి ఆ రద్దీ ఎలా ఉంటుందో కొత్తగా చెప్పనక్కర్లేదు. కప్పు రెండువైపులా వాలుతుంది, వాలు 15 డిగ్రీలు. స్తంభాల దగ్గర కప్పు ఎత్తు 4 మీటర్లు, నడికొప్పు దగ్గర 7.2 మీటర్లు. చూరు బయటికి మీటరున్నర వచ్చింది, కాబట్టి చూరు అంచు నేలకు 3.6 మీటర్ల ఎత్తున ఉంది.

లోపల తూర్పు అంచున ఒక ఒంటి అరుగు, పడమటి అంచున ఇంకో ఒంటి అరుగు, మధ్యలో వీపులు కలిసిన జంట అరుగులు మూడు. ఒక్కో వరుస అరుగు లోతు 1.8 మీటర్లు. మొత్తం ఎనిమిది వరుసలు కాబట్టి 14.4 మీటర్లు అరుగులకే పోయాయి. మిగిలిన 9.6 మీటర్లను నాలుగు దారులకు పంచితే ఒక్కో దారి 2.4 మీటర్లు. పొడవులో రెండు చివర్లా, నడిమధ్యలా మూడేసి మీటర్ల అడ్డదారులు వదిలితే అరుగుకు 27 మీటర్లు మిగులుతుంది. మనిషికి 1.8 మీటర్ల చొప్పున వరుసకు 15 మంది, మొత్తం 120 మంది అమ్మేవాళ్లు. కాగితం మీద ఎక్కడా వంక పెట్టడానికి లేదు. 2.4 మీటర్లంటే ఎనిమిది అడుగులు, ఇంట్లో వరండా కన్నా వెడల్పే.

ఇప్పుడు జనాన్ని లెక్కపెడదాం. అమ్మేవాళ్లు 120 మంది, సాయానికి వచ్చినవాళ్లు ఓ ముప్పై మంది. వీళ్లు అరుగుల మీదే ఉంటారు, దారిలోకి రారు. కొనేవాళ్లలో రెండు రకాలు. అరుగు ముందు ఆగినవాళ్లు ఒక రకం, నడుస్తున్నవాళ్లు ఇంకో రకం. ఈ రెండు రకాలనూ ఒకే లెక్కలో కలిపేయడమే చాలా రెండర్లు చేసే మొదటి తప్పు. అరుగు ముందు ఒక మనిషికి 60 సెంటీమీటర్లు కావాలి, అంటే ఒక రైతు ముందు ఒకేసారి ముగ్గురికి చోటు. మంచి రద్దీలో సగటున 1.2 మంది అనుకుంటే 144 మంది ఆగి ఉంటారు. నాలుగు దారుల్లో నడిచేవాళ్లు ఒకరి వెనక ఒకరు 1.7 మీటర్ల ఎడంతో పోతున్నారనుకుంటే దారికి 16 మంది, మొత్తం 64. అడ్డదారుల వైశాల్యం 216 చదరపు మీటర్లు, అక్కడ మనిషికి 2.7 చదరపు మీటర్ల చొప్పున 80 మంది. కొనేవాళ్లందరూ కలిసి 288. అమ్మేవాళ్లతో కలిపి బొమ్మలో 438 మంది ఉండాలి. యాభై అరవై ఎక్కడ, ఇది ఎక్కడ!

సగటు చూసి మోసపోయేది ఇక్కడే. దారులు, అడ్డదారులు కలిపి నేల 475 చదరపు మీటర్లు. 288 మందికి పంచితే మనిషికి 1.65 చదరపు మీటర్లు వస్తుంది. పాదచారుల రద్దీకి జాన్ ఫ్రూయిన్ 1971లో ఇచ్చిన మెట్లలో, నడిచే దారికి 1.4 నుంచి 2.3 దాకా C మెట్టు. కాస్త తగ్గి నడవాలి గాని ఇబ్బంది లేదని దాని అర్థం. కాని అడ్డదారుల్ని పక్కన పెట్టి నాలుగు దారుల్నే చూస్తే 259 చదరపు మీటర్లలో 208 మంది, మనిషికి 1.25. అది D మెట్టు. అమ్మేవాళ్లు గంపల్ని, ప్లాస్టిక్ ట్రేలని అరుగు ముందుకు ఒక అడుగు జరుపుతారు. ఏ మార్కెట్లోనైనా జరిగేదే, ఆపలేం, ఆపడం న్యాయమూ కాదు. రెండువైపులా అడుగేసి పోతే దారి 1.8 మీటర్లకు దిగుతుంది, మనిషికి 0.93 చదరపు మీటర్లు మిగులుతుంది. D మెట్టుకు అది అంచు, కిందది E. పైగా ఫ్రూయిన్ చూసింది అమెరికా నగరాల్లో ఆఫీసులకు, స్టేషన్లకు ఆగకుండా నడిచిపోయే జనాన్ని. చేతిలో రెండు సంచులు, పక్కన పిల్లాడు, ప్రతి మూడడుగులకూ బెండకాయల ధర అడిగే మనిషి ఆ లెక్కలో లేడు. కాబట్టి ఆ మెట్లను మనం ఇంకాస్త కఠినంగా చదువుకోవాలి.

అసలు సంగతి మెట్లలో కూడా లేదు, దారిని అడ్డంగా కోసి చూస్తే తెలుస్తుంది. 1.8 మీటర్లలో అటువైపు ఆగినవాళ్లకు 60 సెంటీమీటర్లు, ఇటువైపు వాళ్లకు ఇంకో 60. నడవడానికి మిగిలింది 60 సెంటీమీటర్లు, ఒక్క మనిషి భుజాల వెడల్పు. ఎదురుగా ఇంకో మనిషి వస్తే ఎవరో ఒకరు అరుగు ముందు నిలబడ్డవాళ్ల మధ్య దూరాలి. రెండర్‌లో 438 మందిని నిజాయతీగా నిలబెట్టినప్పుడు ఈ సంగతి వెంటనే కళ్లకు కడుతుంది: నడిచే బొమ్మలు సంచులతో సహా నిలబడ్డవాళ్ల వీపుల్లో ఇరుక్కుంటాయి, ఒక మెష్‌లోంచి ఇంకోటి దూసుకుపోతుంది. చాలామంది అక్కడ ఓ వందమందిని తీసేస్తారు. తీయకూడదు. హాలు పనిచేయదని ఆ ఇరుకు ముందే చెబుతోంది.

సరిచేయడానికి హాలు పెంచనక్కర్లేదు. అరుగు లోతు 1.8 నుంచి 1.5 మీటర్లకు తగ్గిస్తే ఎనిమిది వరుసల్లో 2.4 మీటర్లు మిగులుతాయి, నాలుగు దారులూ మూడేసి మీటర్లవుతాయి. 120 మందిలో ఒక్కరి చోటూ పోదు. గంపలు పోగా 2.4, ఆగినవాళ్లు పోగా 1.2 మీటర్లు. ఇద్దరు ఇరుకుగానైనా ఎదురెదురుగా దాటిపోతారు. నష్టం అమ్మేవాళ్లకే: కూర్చునే చోటు 60 సెంటీమీటర్లు పోతే సరుకు పరచడానికి 1.2 బదులు 90 సెంటీమీటర్లే మిగులుతుంది. అంచేత గోనెసంచులు పెట్టుకోవడానికి అరుగు కింద ఖాళీ ఉండాలి. 45 సెంటీమీటర్ల ఎత్తు అరుగును మట్టి నింపి కట్టకుండా ఇటుక గోడల మీద పలక వేస్తే ట్రేలు లోపలికి పోతాయి. ఇది చేయకపోతే సంచులు ముందుకే వస్తాయి, మనం సంపాదించిన అరవై సెంటీమీటర్లు మళ్లీ పోతాయి. రెండర్‌లో అరుగు కింద ట్రేలు కనిపించాలి. అలా కనిపించకపోతే చూసేవాళ్లకు ఆ ఖాళీ ఎందుకో అర్థం కాదు.

లెక్క కుదిరాక మనుషుల్ని ఎలా నిలబెట్టాలన్నది. సగటు 1.2 అన్నాం కదా అని ప్రతి అరుగు ముందూ ఒకర్ని పెడితే అది కవాతు. నిజంలో ఆకుకూరల దగ్గర నలుగురు మూగి ఉంటారు, పక్కన కంద, చేమదుంపలు పెట్టుకున్న మనిషి ముందు ఎవరూ ఉండరు. 15 మంది వరుసలో నాలుగైదు అరుగులు ఖాళీగా, ఇద్దరు ముగ్గురి దగ్గర మూడునాలుగు తలలు, మిగతావారి దగ్గర ఒకరిద్దరు ఉంటే నమ్మేలా ఉంటుంది. అడ్డదారి మలుపులో ఉన్న అరుగుకు ఎప్పుడూ గిరాకీ ఎక్కువ. స్కాటర్ టూల్‌తో నేలంతా చల్లితే ఇది రాదు. అరుగు అంచు వెంట ఒక పట్టీ, దారి మధ్యలో ఒక పట్టీ, అడ్డదారులకు ఒకటి, ఇలా మూడు వేరువేరు ఉపరితలాలు గీసి, ఒక్కోదానికి వేరే సాంద్రత ఇవ్వాలి. మొదటి పట్టీలో బొమ్మల మొహాలు అరుగు వైపే తిరగాలి, పది ఇరవై డిగ్రీల తేడాతో.

భంగిమలు ఇంకా ముఖ్యం. కొనే లైబ్రరీల్లో దొరికేది ఫోను చూస్తూ నడిచే మనిషి, కోటు వేసుకుని కాఫీ కప్పు పట్టుకున్న మనిషి. మనకు కావలసింది నడుం వంచి వంకాయ ఏరుకునేవాళ్లు, సంచి నోరు తెరిచి పట్టుకున్నవాళ్లు, కాటా వైపు చూసేవాళ్లు, కొంగు దోపుకున్న ఆడవాళ్లు, గంప మోస్తున్న కూలీ. ఆగినవాళ్లలో మూడోవంతు ముందుకు వంగి ఉండాలి. ఇలాంటివి పాతిక ముప్పై బొమ్మలు సొంతంగా చేసుకుంటే చాలు. చీర రంగులు మార్చి, ఎత్తు ఐదారు శాతం అటూ ఇటూ చేస్తే నాలుగొందల మందీ సరిపోతారు. కాకపోతే ఒకే బొమ్మ ఆరు మీటర్ల లోపు రెండోసారి కనిపించకుండా చూడాలి. రంగు మారినా భంగిమను కన్ను ఇట్టే పట్టేస్తుంది.

ఇంత జనం ఉంటే కూరగాయలు కనపడవని ఒక అభ్యంతరం వస్తుంది. నిజమే, కెమెరా 1.6 మీటర్ల ఎత్తున పెడితే అన్నీ వీపులే. అందుకే చాలామంది జనాన్ని తగ్గిస్తారు. తగ్గించాల్సింది జనాన్ని కాదు, పెంచాల్సింది కెమెరా ఎత్తు. అరుగు మీద లేచి చేయెత్తి ఫొటో తీసినట్టు 2.5 మీటర్లకు తీసుకెళ్తే, మూడు మీటర్ల దూరంలో నిలబడ్డ మనిషి తన వెనక మూడు మీటర్ల మేర సరుకునే దాస్తాడు. ఆ వెనక గుట్టలు మళ్లీ కనిపిస్తాయి. కెమెరాను కిందికి వంచొద్దు, స్తంభాలు వాలిపోతాయి. నిటారుగా ఉంచి లెన్స్ షిఫ్ట్‌తో సర్దుకోవాలి.

ఇక ఎండ. విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.3 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. మన గడియారానికి ఆధారమైన 82.5 రేఖకు దగ్గరే కాబట్టి గడియారం సమయానికీ సూర్యుడి సమయానికీ ఏడాది పొడుగునా ఇరవై నిమిషాల కంటే పెద్ద తేడా రాదు. సాఫ్ట్‌వేర్‌లో టైమ్‌జోన్ 5.5 అని ఇవ్వాలి. 5 అనో 6 అనో పూర్ణసంఖ్య ఇచ్చేస్తే అరగంట తేడా, అంటే సూర్యుడు తన దారిలో ఏడున్నర డిగ్రీలు పక్కకు జరిగిపోతాడు. పొద్దుటి నీడలకు అది చిన్న తేడా కాదు.

మార్చి 21న పొద్దున ఎనిమిదికి సూర్యుడు దాదాపు నేరుగా తూర్పున, 27 డిగ్రీల ఎత్తున ఉంటాడు. మన చూరు అంచు 3.6 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఎండ ఆ అంచు కింద నుంచి దాదాపు ఏడు మీటర్లు లోపలికి పడుతుంది. చూరు మీటరున్నర తీసేస్తే స్తంభాల వరుస నుంచి ఐదు మీటర్లకు పైగా. అంటే తూర్పు అరుగు, మొదటి దారి మొత్తం ఎండలోనే ఉన్నాయి. మార్కెట్ కిటకిటలాడే వేళ కూడా అదే. తోటకూర, గోంగూర, కొత్తిమీర ఆ ఎండలో గంట నిలవవు. కాబట్టి అక్కడి రైతులు ఏం చేస్తారు? చూరు నుంచి టార్పాలిన్ దించుతారు, లేదా గోనెపట్టా కడతారు. డ్రాయింగులో అది ఉండదు, కట్టిన వారానికే ఉంటుంది. రెండర్ నిజం చెప్పాలంటే రెండే దారులు: టార్పాలిన్లు చూపించడం, లేదా తూర్పు వైపు నిలువు పలకలైనా, చూరు కింద ఇంకో వాలు తెరైనా డిజైన్‌లోనే పెట్టడం. నా ఓటు రెండోదానికే. ఎందుకంటే నీలం టార్పాలిన్ కింద టమాటాలు ఊదారంగుకు తిరుగుతాయి, ఆకుకూరలు వాడినట్టు కనిపిస్తాయి, సరుకు అమ్ముడుపోదు. ఈ రంగు మార్పు రెండర్‌లోనూ అచ్చంగా అలాగే వస్తుంది. దాన్ని ఫొటోషాప్‌లో దిద్దేస్తే ఒక పనికొచ్చే హెచ్చరికను చెరిపేసినట్టే.

చూరును మూడు మీటర్లకు లాగితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. విశాఖలో ఆ మాట అనేముందు గాలిని తలుచుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి రేకులను ఏం చేసిందో అందరికీ తెలుసు. గాలి భారాల ప్రమాణం IS 875 మూడో భాగంలో విశాఖకు ప్రాథమిక గాలివేగం సెకనుకు 50 మీటర్లు. పొడవాటి చూరును గాలి కింద నుంచి ఎత్తేస్తుంది. దానికి తగ్గ ఊతకమ్ములు, దగ్గర దగ్గరగా పర్లిన్లు చూపించకుండా కాగితంలా పలచటి చూరును రెండర్‌లో గాలిలో వేలాడదీస్తే, కట్టేవాళ్లకు కట్టలేనిది చూపించినట్టు.

నడిమి వరుసలకు వెలుగు పైనుంచి రావాలి. ప్రతి ఆరు మీటర్లకూ ఒక వరుస పాలరంగు పాలీకార్బనేట్ రేకు వేస్తారు. రెండర్‌లో ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, దానికి గాజు మెటీరియల్ ఇచ్చేయడం. గాజు ఇస్తే కింద గట్టి అంచుల ఎండపట్టీ పడుతుంది, లేదా గాజులోంచి దిగే వెలుగును లెక్కవేసే కాస్టిక్స్ ఆపి ఉంటే నల్లటి నీడ పడుతుంది. పాలరేకు ఈ రెండూ చేయదు, తానే వెలిగి, చుట్టూ మెత్తని వెలుగు పరుస్తుంది. ట్రాన్స్‌లూసెంట్ షేడరే దానికి సరైనది. రెండోది, పారదర్శక రేకే వేసినప్పుడు ఎండపట్టీని సరిగ్గా రేకు కిందే అతికించడం. మార్చిలో పొద్దున పదింటికి సూర్యుడు 55 డిగ్రీల ఎత్తున ఉంటాడు. ఆరు మీటర్ల ఎత్తు రేకులోంచి వచ్చిన ఎండ దాదాపు నాలుగు మీటర్లు పడమటి వైపు జరిగి పడుతుంది, అంటే పక్క అరుగు మీద. మే రెండోవారంలో, ఆగస్టు మొదట్లో మిట్టమధ్యాహ్నం మాత్రమే ఎండ నిట్టనిలువుగా దిగుతుంది.

వెలుగు స్థాయిల విషయానికొస్తే, మంచి ఎండలో బయట నేల మీద 80 వేల నుంచి లక్ష లక్స్ ఉంటే ఇలాంటి కప్పు కింద లోపలి వరుసల్లో వెయ్యికి అటూ ఇటూ ఉంటుంది. వంద రెట్ల తేడా, కెమెరా భాషలో ఆరున్నర స్టాప్‌లు. రెండూ సమానంగా కనిపించేలా నొక్కేస్తే హాలు కప్పు లేనట్టు ఉంటుంది, ఎండ తీవ్రత పోతుంది. లోపలికి ఎక్స్‌పోజర్ పెట్టి, బయట రోడ్డును రెండు మూడు స్టాప్‌లు ఎక్కువగా తెల్లబడనివ్వాలి. బ్లెండర్ 4.0 నుంచి డిఫాల్ట్‌గా వచ్చే AgX రంగుల సర్దుబాటు ఆ తెల్లదనాన్ని రంగులు విరగకుండా పట్టుకుంటుంది. రేకు కింది వైపు కూడా ఒక ఆనవాలే: చూరు దగ్గర బయటి నేల నుంచి ఎగసిన వెలుగుతో తెల్లగా ఉండి, నడికొప్పు వైపు పోయేకొద్దీ మసకబారాలి. అంతా ఒకే బూడిదరంగులో ఉంటే ఎక్కడో దొంగ లైట్లు పెట్టారని అర్థం.

బ్లెండర్‌లోని సైకిల్స్ రెండర్ ఇంజన్‌లో ఇదే హాలును వేసేవారికి రెండు సెట్టింగులు అడ్డం వస్తాయి. Light Paths కింద Diffuse డిఫాల్ట్ 4. నేల, అరుగు, రేకు, మళ్లీ నేల అని తిరిగి లోపలికి చేరే వెలుగుకు అది చాలదు, నడిమి వరుసలు చీకటిగా మిగులుతాయి. 8 నుంచి 10కి పెంచితే సరిపోతుంది. Transparent డిఫాల్ట్ 8. కొత్తిమీర కట్టలు ఆల్ఫా ఉన్న ఆకుల బొమ్మలతో చేస్తే, వాటి వెనక ఇంకో కట్ట, ఆ వెనక కటౌట్ మనుషులు, ఇలా ఎనిమిది పొరలు దాటగానే అక్కడ నల్లమచ్చ పడుతుంది. దాన్ని చాలామంది నీడ అనుకుని లైటు పెంచుతారు, మచ్చ పోదు. 32కి పెంచితే పోతుంది.

కటౌట్ మనుషుల గురించి ఇంకో మాట. మెమరీ మిగలాలని 12 మీటర్ల అవతల పలచటి బొమ్మల పలకలే పెడతాం, తప్పులేదు. కాని ఆ పలక కెమెరా వైపు తిరిగి ఉంటుంది, పొద్దుటి ఎండ పక్క నుంచి వస్తుంది. పలక అంచు మీద ఎండ పడి, మనిషికి గీత లాంటి నీడ వస్తుంది. నిండు మనిషి కింద సన్నని నీడ చూడగానే బొమ్మ మీద నమ్మకం పోతుంది. కాబట్టి దూరంతో పనిలేకుండా, తూర్పు వైపు ఎండ పడే ఆ ఐదు మీటర్ల పట్టీలో ప్రతి మనిషీ పూర్తి 3డీ మోడల్‌గానే ఉండాలి. కటౌట్లను నీడలో ఉన్న లోపలి వరుసలకే పరిమితం చేయాలి. మన హాలులో ఆ పట్టీలో పడేది దాదాపు తూర్పు అరుగు వరుస, మొదటి దారి, అడ్డదారుల తూర్పు కొసలు. సహాయకులతో కలిపి ఎనభై తొంభై మంది. అంతమందిని పూర్తి మోడళ్లుగా పెట్టినా, ఒకే మోడల్‌ను ఇన్‌స్టెన్స్‌లుగా వాడితే మామూలు కంప్యూటరు మోయగలదు.